అద్దం మీద చుక్క, మరక: ఫోటోలోంచి ఏది పోతుంది, ఏది పోదు

వాన పడుతుంటే కిటికీ అద్దంలోంచి ఫోన్‌తో ఫోటో తీస్తే చుక్కలన్నీ పెద్ద పెద్ద మచ్చల్లా పడతాయి, అదే అద్దం ముందు పెద్ద కెమెరా పెట్టి తీస్తే సగం చుక్కలు అసలు కనిపించనే కనిపించవు. కెమెరా ఖరీదు వల్ల అనుకుంటారు చాలామంది, కాదు. లెన్స్ రంధ్రం ఎంత వెడల్పుంది, చుక్క ఎంత వెడల్పుంది అన్న లెక్క ఇది. ఈ లెక్క ఒకసారి అర్థమైతే ఫోటోలో ఉన్న ఏ మచ్చని నిజంగా వెనక్కి తీసుకురావచ్చు, ఏ మచ్చ కింద ఉన్నది ఇక లేనట్టే అనుకోవాలి అన్నది చూడగానే చెప్పొచ్చు.

దూరంగా ఉన్న ఒక దీపం తీసుకుందాం. దాన్నుంచి వచ్చే వెలుగు సన్నటి గీతలా వచ్చి లెన్స్‌లో పడదు, లెన్స్ రంధ్రం ఎంత వెడల్పుంటే అంత లావు కట్టగా వస్తుంది, ఆ కట్ట మొత్తం కలిసి ఫోటోలో ఒక్క పిక్సెల్ అవుతుంది. ఫోకస్ దూరంలో ఉన్నప్పుడు, మధ్యలో అద్దం ఎక్కడున్నా సరే, ఆ కట్ట అద్దాన్ని దాటే చోట దాని వెడల్పు దాదాపు అపర్చర్ వెడల్పే. అపర్చర్ వెడల్పు అంటే ఫోకల్ లెంగ్త్‌ని ఎఫ్ నంబర్‌తో భాగించడమే. 50 మిల్లీమీటర్ల లెన్స్‌ని f/2 దగ్గర వాడితే 25 మిల్లీమీటర్లు. అద్దం మీద 3 మిల్లీమీటర్ల చుక్క ఉందనుకుంటే, అంత లావు కట్టలో ఆ చుక్క అడ్డుకునేది విస్తీర్ణం లెక్కన 9 బై 625, అంటే ఒకటిన్నర శాతం కూడా కాదు. కంటికి తెలీదు. అదే లెన్స్‌ని f/16కి మూస్తే రంధ్రం 3.1 మిల్లీమీటర్లకి వచ్చేస్తుంది, అప్పుడు ఆ చుక్కే కట్ట మొత్తాన్నీ దాదాపు మింగేస్తుంది. ఫోన్‌లో మెయిన్ కెమెరా అసలు ఫోకల్ లెంగ్త్ 5 మిల్లీమీటర్లు, f/1.8 అనుకుంటే రంధ్రం 2.8 మిల్లీమీటర్లే, అంటే ఎఫ్ నంబర్ ఎంత తక్కువ కనిపించినా చుక్కల విషయంలో ఫోన్ ఎప్పుడూ f/16కి మూసిన పెద్ద కెమెరా లాంటిదే.

అద్దానికి ఫోన్ ఆనించేస్తే చుక్కలు మాయమవుతాయి అని ఒక మాట తిరుగుతుంటుంది. రిఫ్లెక్షన్ తగ్గుతుంది, అది నిజం. ఫ్రేమ్‌లో పడే చుక్కల సంఖ్య కూడా బాగా తగ్గుతుంది, ఎందుకంటే 30 సెంటీమీటర్ల దూరం నుంచి మామూలు ఫోన్ లెన్స్ అద్దం మీద దాదాపు 40 సెంటీమీటర్ల వెడల్పు చూస్తుంది, 5 సెంటీమీటర్ల దగ్గరికెళ్తే ఆరున్నర సెంటీమీటర్లే చూస్తుంది. కానీ మిగిలిన ఒక్కో చుక్క ఫ్రేమ్‌లో ఆరు రెట్లు పెద్దదవుతుంది, కట్ట కంటే పెద్ద చుక్కయితే దాని నడిమధ్య ఎప్పటిలాగే మూసుకుపోయి ఉంటుంది. కాబట్టి దగ్గరికెళ్లడం అంటే చుక్కల మధ్య ఖాళీ ఎక్కడుందో వెతుక్కోవడమే, అంతకుమించి మాయేమీ లేదు.

ఇక ఫోటో తీయడం అయిపోయింది, మచ్చలు పడ్డాయి, ఇప్పుడు ఏం చేయొచ్చు అన్నది అసలు సంగతి. ప్రతి పిక్సెల్‌లో జరిగింది ఒక్క లైన్‌లో రాయొచ్చు:

```
I = a × B + b
```

B అంటే అద్దం శుభ్రంగా ఉంటే పడాల్సిన వెలుగు, I అంటే ఇప్పుడు ఫోటోలో ఉన్నది, a అంటే అసలు వెలుగులో ఎంత వంతు దాటొచ్చింది, b అంటే మరకో చుక్కో ఎక్కడెక్కడి వెలుగునో తెచ్చి అదనంగా కలిపింది. జిడ్డు వేలిముద్ర, దుమ్ము, ఆరిపోయిన నీటి మరక లాంటివాటికి a సాధారణంగా 0.5 నుంచి 0.9 మధ్యలో ఎక్కడో ఉంటుంది, అంటే అసలు బొమ్మ అక్కడే ఉంది, కొంచెం మసకబారి పైన తెల్లటి పొర కప్పుకుని ఉంది. చుక్క అంచుల్లో a నెమ్మదిగా తగ్గుకుంటూ పోతుంది, నడిమధ్య సున్నాకి చేరొచ్చు. సున్నా అయితే B అనేది లెక్కలోంచే ఎగిరిపోతుంది, ఇక ఏ సాఫ్ట్‌వేర్ దాన్ని "బయటికి తీయడం" అనే ప్రశ్నే లేదు, దాని చోట ఇంకేదో పెట్టడమే ఉంటుంది.

చుక్క అంటే నల్లటి అడ్డు కాదు, అది ఒక చిన్న లెన్స్ అన్నది కూడా గుర్తుంచుకోవాలి. వెనకున్న దృశ్యాన్ని చాలా వెడల్పుగా పట్టుకుని తలకిందులు చేసి చూపిస్తుంది, అందుకే చుక్క కింది భాగంలో ఆకాశం తెల్లగా, పై భాగంలో నేల నల్లగా కనపడుతుంది. ఫోకస్ దూరంలో ఉంటే ఆ తలకిందుల బొమ్మ కరిగిపోయి ఒక నున్నటి రంగు మరకలా మిగులుతుంది.

ఏది ఏ రకమో తెలుసుకోడానికి ఫోటోని నూరు శాతం జూమ్ చేసి, మచ్చలోంచి వెళ్లే ఒక గీతని చూడాలి, కరెంటు తీగో, గోడ అంచో, రైలింగో ఏదైనా సరే. ఆ గీత మచ్చలో పలచబడి, అదే దారిలో తిన్నగా అవతలికి పోతుంటే a ఇంకా బతికే ఉంది. గీత మధ్యలో మాయమైనా, వంకర తిరిగినా, తలకిందులుగా కనపడినా అక్కడ ఉన్నది చుక్క తెచ్చిన బొమ్మ, అసలుది కాదు.

ముందు సులువైనది, అంటే మరక. ఒక గోడ మీద సగం వరకు వేలిముద్ర మసక పడిందనుకుందాం. గోడ మీద నల్లటి తలుపు సందు ఉంది, తెల్లటి పెయింట్ పట్టీ ఉంది, రెండూ మరక లోపలా బయటా రెండు చోట్లా కనపడుతున్నాయి. శుభ్రమైన చోట కలర్ పికర్ పెడితే నలుపు 39, తెలుపు 203 వచ్చాయి. మరక కింద అదే నలుపు 89, అదే తెలుపు 189. నలుపు బాగా పైకి లేచింది, తెలుపు కొంచెం తగ్గింది, మరక అంటేనే ఇది. ఇప్పుడు చాలామంది ఈ నాలుగు నంబర్లతోనే నేరుగా లెక్క వేసేస్తారు, తప్పు అక్కడే జరుగుతుంది. ఎందుకంటే 0 నుంచి 255 వరకు ఉండే ఈ నంబర్లు వెలుగు పరిమాణాలు కావు, స్క్రీన్ కోసం గామా పెట్టి వంచిన విలువలు. వెలుగు కలవడం అద్దం దగ్గర జరిగింది, కాబట్టి విడదీయడం కూడా వెలుగు లెక్కలోనే జరగాలి. sRGB వంపు తీసేస్తే 39 అంటే 0.02, 203 అంటే 0.60, 89 అంటే 0.10, 189 అంటే 0.51. అప్పుడు

```
a = (0.51 − 0.10) / (0.60 − 0.02) = 0.707
b = 0.10 − 0.707 × 0.02 = 0.086
```

వంపు తీయకుండా చేస్తే ఎంత తేడా వస్తుందో చూడాలంటే నలుపూ తెలుపూ చూసి లాభం లేదు, అవి రెండూ ఎలాగూ సరిగ్గానే కూర్చుంటాయి, మనం వాటితోనే కదా లెక్క కట్టింది. మధ్య రంగులో తెలుస్తుంది. అసలు 124 ఉండాల్సిన బూడిద రంగు మరక కింద 131గా పడుతుంది. సరైన లెక్కలో అది తిరిగి 124కి వస్తుంది, వంచిన నంబర్లతో చేసిన లెక్కలో 108కి పోతుంది. మరక పోయింది గానీ దాని ఆకారంలోనే ఒక నల్లటి నీడ మిగిలింది అని వాపోయేవాళ్ల ఫోటోల్లో చాలాసార్లు జరిగేది ఇదే.

కోడ్ రాసుకునేవాళ్లకి ఓపెన్‌సీవీలో ఇంత సరిపోతుంది. `mask.png` అంటే మరక ఉన్న చోట తెలుపు, లేని చోట నలుపు వేసుకున్న బొమ్మ:

```python
import cv2, numpy as np
img = cv2.imread("in.png").astype(np.float32) / 255
lin = np.where(img <= 0.04045, img / 12.92,
               ((img + 0.055) / 1.055) ** 2.4)
m = cv2.imread("mask.png", 0).astype(np.float32) / 255
m = cv2.GaussianBlur(m, (0, 0), 7)[..., None]
out = (lin - 0.086 * m) / (1 - 0.293 * m)
out = np.clip(out, 0, 1)
s = np.where(out <= 0.0031308, out * 12.92,
             1.055 * out ** (1 / 2.4) - 0.055)
cv2.imwrite("out.png", (s * 255 + 0.5).astype(np.uint8))
```

ఇందులో 0.293 అంటే 1 లోంచి a తీసేస్తే వచ్చేది. బ్లర్‌లో ఆ 7 ఎక్కడిది అంటే, మరక అంచు ఫోటోలో ఎంత మెత్తగా పడుతుందో కూడా ఆ వెలుగు కట్టే నిర్ణయిస్తుంది. 4000 పిక్సెళ్ల వెడల్పు ఫోటో, అద్దం 30 సెంటీమీటర్ల దూరం అయితే అద్దం మీద ఒక మిల్లీమీటర్ అంటే 10 పిక్సెళ్లు, కట్ట 2.8 మిల్లీమీటర్లు కాబట్టి అంచు 28 పిక్సెళ్ల మేర కరుగుతుంది, గుండ్రటి బ్లర్‌ని గాసియన్‌గా మార్చాలంటే వ్యాసాన్ని నాలుగుతో భాగిస్తే చాలు. మాస్క్ అంచు దీనికంటే గట్టిగా ఉంటే మరక చుట్టూ సన్నటి గీత పడుతుంది, మరీ మెత్తగా ఉంటే లోపల కొంత మసక మిగిలి బయట కొంత నల్లబడుతుంది. గీత ఎటువైపు పడిందో చూసి ఆ నంబర్ తగ్గించడమో పెంచడమో చేసుకోవాలి. కోడ్ వద్దనుకుంటే జింప్‌లో ఫోటోని 32 బిట్ లీనియర్‌కి మార్చి, మరకని ఫెదర్ పెట్టి సెలెక్ట్ చేసి, లెవెల్స్ కూడా లీనియర్‌లోనే పనిచేసేలా పెట్టి, అందులో కింది ఇన్‌పుట్ 8.6 శాతం, పై ఇన్‌పుట్ 79.3 శాతం పెడితే దాదాపు ఇదే పని, పై ఇన్‌పుట్ అంటే a, b రెండూ కలిపిన మొత్తం.

నిజానికి a, b ఒక్కో రంగుకీ వేరుగా ఉంటాయి, ముఖ్యంగా b. నీలాకాశం నుంచి వెలుగు చెదిరితే నీలం చానెల్‌లో b ఎక్కువ, అందుకే మూడు చానెళ్లకీ విడివిడిగా అదే లెక్క చేయాలి. ఒకే నంబర్ వాడితే మరక పోయిన చోట పసుపో నీలమో ఛాయ మిగులుతుంది.

ఇందులో ఖర్చు నాయిస్. a తో భాగించడం అంటే గ్రెయిన్‌ని కూడా అంతే పెంచడం. 0.707 అయితే 1.4 రెట్లు, ఎవరికీ తెలీదు. 0.3 అయితే మూడు రెట్లు దాటుతుంది, జేపెగ్ గళ్లు కూడా పైకి తేలతాయి, 0.1 దగ్గర పది రెట్లు, దాన్ని ఇక బొమ్మ అనలేం. అందుకే 0.3 కంటే కిందికి పోయిన చోట ఈ లెక్కని సాగదీయడం కంటే వదిలేయడం నయం. రా ఫైల్ ఉంటే ఇంకొంచెం లోతుకి వెళ్లొచ్చు, అదీగాక ఫోన్ జేపెగ్‌లో ఫోన్ తనకి నచ్చినట్టు ఒక్కో చోట ఒక్కోలా వెలుగు సర్దేస్తుంది, అప్పుడు sRGB వంపు తీసినా అసలు వెలుగు పూర్తిగా దొరకదు. మరక కింద తెలుపు 255కి కొట్టేసి ఉంటే అక్కడ లెక్కకి దొరికేది ఏమీ లేదు.

రాత్రి ఫోటోల్లో ఈ పద్ధతి బెడిసికొడుతుంది. పగలు b దాదాపు ఒకేలా ఉంటుంది, ఆకాశం అంతా ఒకే వెలుగు కాబట్టి. రాత్రి బల్బు ఒకటి ఉంటే జిడ్డు దాని వెలుగునే చుట్టూ పరుస్తుంది, పైగా గుడ్డతో ఒకే వైపు తుడిచిన జిడ్డయితే ఆ తుడిచిన గీతలకి అడ్డంగా బల్బు నుంచి పొడవాటి చారలు వస్తాయి. అప్పుడు b ఒక నంబర్ కాదు, పిక్సెల్ పిక్సెల్‌కీ మారే బొమ్మ.

మరక కిటికీ మీద కాకుండా నేరుగా లెన్స్ కవర్ మీదే ఉంటే కథ వేరు. అక్కడ అన్ని పిక్సెళ్ల కట్టలూ దాదాపు ఒకే చోటు నుంచి లోపలికి దూరతాయి, కాబట్టి వేలిముద్ర ఆకారం ఎక్కడా కనపడదు, ఫోటో మొత్తం పాలు పోసినట్టు తెల్లబడుతుంది. మాస్క్ అక్కర్లేదు, ఫోటో అంతటికీ ఒకే a, ఒకే b పెడితే చాలావరకు సర్దుకుంటుంది. నీటి చుక్క కవర్ మీద పడితే మాత్రం అది అదనపు లెన్స్‌లా పనిచేసి ఫోకస్‌నే చెడగొడుతుంది, దానికి ఈ కూడికలు తీసివేతలు పనిచేయవు.

కదలకుండా ఒకే చోట బిగించిన కెమెరాకి ఒక వెసులుబాటు ఉంది. ముందున్న దృశ్యం మారుతూ ఉంటుంది, మరక మాత్రం మారదు. రకరకాల దృశ్యాలు బోలెడు కలిపి సగటు తీస్తే దృశ్యాలన్నీ కరిగిపోయి మరక మ్యాప్ మిగులుతుంది. 2009లో కొలంబియా యూనివర్సిటీ వాళ్లు, శ్రీ నాయర్ బృందం, మురికి లెన్స్‌ల మీద చేసిన పనిలో ఈ ఆలోచనని వాడారు. అదే కెమెరా, అదే మరక ఉన్నంతవరకే పనికొస్తుంది, ఒక్కసారి అద్దం తుడిస్తే మ్యాప్ చెత్తబుట్టలోకే.

ఇప్పుడు కష్టమైనది, చుక్క నడిమధ్య. అక్కడ a సున్నా అనుకున్నాం. కానీ అది ఆ ఒక్క ఫోటోలోనే సున్నా. అద్దం ముందే ఇంకా నిలబడి ఉంటే ఒక ఐదు ఫోటోలు, ఒక్కోదానికీ ఫోన్‌ని పక్కకి ఒకటి రెండు సెంటీమీటర్లు జరుపుతూ తీస్తే సమస్య సగం తీరినట్టే. అద్దం 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఫోన్ 2 సెంటీమీటర్లు జరిగినప్పుడు చుక్క ఫోటోలో 200 పిక్సెళ్లు జరుగుతుంది, 20 మీటర్ల అవతలున్న గోడ మాత్రం మూడు పిక్సెళ్లే. గోడని గోడ మీద అమర్చి పెడితే చుక్క ప్రతి ఫోటోలో వేరే చోట ఉంటుంది. చుక్క ముద్ర మొత్తం వెడల్పు చుక్క ప్లస్ కట్ట, అంటే 5.8 మిల్లీమీటర్లు, కాబట్టి ఆరు మిల్లీమీటర్ల కంటే ఎక్కువ జరిపితే ఒకే చుక్క రెండు ఫోటోల్లో ఒకే చోట పడదు. తర్వాత ప్రతి పిక్సెల్‌కీ ఐదు విలువల్లో మధ్యది తీసుకోవడమే. హ్యూగిన్ అనే పనోరమా సాఫ్ట్‌వేర్‌తో వచ్చే ఫోటోలు అమర్చే టూల్, ఇమేజ్‌మ్యాజిక్ ఉంటే రెండు లైన్లు:

```
align_image_stack -a fr_ in*.jpg
magick fr_*.tif -evaluate-sequence median out.png
```

ఇక్కడ గామా గొడవ లేదు, ఎందుకంటే వంచినా వంచకపోయినా వరసలో మధ్యలో ఉన్నది మధ్యలోనే ఉంటుంది, ఫోటోల సంఖ్య బేసిగా ఉంటే చాలు. సగటు తీస్తే మాత్రం చుక్క పోదు, ఐదో వంతు బలంతో ఐదు చోట్ల పరుచుకుంటుంది.

ఎన్ని చుక్కల వరకు ఇది తట్టుకుంటుంది అంటే, అద్దంలో పది శాతం మేర చుక్కల ముద్రలు ఉన్నాయనుకుంటే, ఐదింటిలో మూడు ఫోటోల్లో ఒకే పిక్సెల్ కప్పబడే అవకాశం ఒక శాతం కన్నా తక్కువ. ముప్పై శాతం మేర ఉంటే అది పదహారు శాతానికి ఎగబాకుతుంది, అప్పుడు మళ్లీ ఒక శాతానికి దిగాలంటే ఐదు కాదు, ముప్పై దాకా కావాలి. హోరున కురుస్తూ అద్దమంతా నీటి పొరే అయితే ఎన్ని తీసినా వృథా.

ఇందులో చెడేవి రెండు మూడున్నాయి. ఫోన్ ఆటో ఫోకస్ ఒక్కోసారి దూరం వదిలేసి చుక్కల మీద కూర్చుంటుంది, అప్పుడు చుక్కలు పదునుగా, దృశ్యం మసగ్గా వస్తాయి, అమర్చే టూల్ కూడా ఆ పదునైన చుక్కల్నే గుర్తులుగా పట్టుకుని చుక్క మీద చుక్క పెట్టేస్తుంది. ఫలితంలో చుక్కలు చెక్కుచెదరకుండా ఉండి వెనక భవనాలు కలగాపులగం అయ్యాయంటే జరిగింది ఇదే, ఫోకస్‌ని దూరంలో లాక్ చేసి మళ్లీ తీయాల్సిందే. రెండోది, దగ్గరున్న వస్తువులు, కిటికీ బయట పూలకుండీ లాంటివి, అవి కూడా చుక్కల్లాగే ఎక్కువ జరుగుతాయి, వాటి అంచులు చిరిగిపోతాయి. ఇక మనుషులు, వాహనాలు కదులుతుంటే వాళ్లు చుక్కలతో పాటే మాయమవుతారు, ఇది కొందరికి నష్టం, కొందరికి లాభం.

ఉన్నది ఒక్క ఫోటోయే అయితే నడిమధ్యలో చేసేది పూడ్చడమే. 2013లో న్యూయార్క్ యూనివర్సిటీలో డేవిడ్ ఐగెన్, దిలీప్ కృష్ణన్, రాబ్ ఫెర్గస్ కలిసి మురికి, వాన చుక్కలు పట్టిన కిటికీ ఫోటోల్ని బాగుచేయడానికి ఒక చిన్న న్యూరల్ నెట్‌వర్క్‌కి తర్ఫీదిచ్చారు, 2018లో ఇదే పని మీద వచ్చిన ఇంకో పేపర్ కోసం 1119 జతల ఫోటోలు తీశారు. ఆ జతలు తీసిన తీరు ముచ్చటేస్తుంది. ఒకటి చుక్కలతో, ఒకటి చుక్కల్లేకుండా కావాలి, మరి అద్దం తీసేసి రెండోది తీస్తే సరిపోదా అంటే సరిపోదు, అద్దం ఉన్నప్పుడు వెలుగు కొంచెం వంగుతుంది కాబట్టి రెండు ఫోటోలు పిక్సెల్‌కి పిక్సెల్ కలవవు. అందుకని అచ్చం ఒకేలాంటి రెండు గాజు పలకలు తెచ్చి, ఒకదాని మీద నీళ్లు చల్లి, ఇంకోదాన్ని శుభ్రంగా ఉంచి మార్చి మార్చి తీశారు. పలక మందం 3 మిల్లీమీటర్లు, కెమెరాకి దూరం 2 నుంచి 5 సెంటీమీటర్లు. ఇలా నేర్చుకున్నవి పలచటి చోట్ల నిజమైన వివరాన్నే పైకి తెస్తాయి, a సున్నా ఉన్న చోట మాత్రం చుట్టుపక్కల చూసి నమ్మేలా కల్పిస్తాయి. చుక్క వెనక బండి నంబర్ ప్లేట్ ఉండి, బాగుచేసిన ఫోటోలో అంకె స్పష్టంగా కనపడుతుంటే ఆ అంకెని నమ్మకూడదు.

చేత్తో చేసుకునేవాళ్లకి ఆకాశం, గోడ, నీళ్లు లాంటి చోట్ల ఓపెన్‌సీవీలోని పాత ఇన్‌పెయింట్ కూడా సరిపోతుంది:

```python
fill = cv2.inpaint(img8, core, 5, cv2.INPAINT_TELEA)
```

ఇక్కడ `img8` అంటే మామూలు 8 బిట్ ఫోటో, `core` అంటే ఇంకేమీ మిగలని నడిమి భాగం మాత్రమే. మొత్తం చుక్కని ఇందులో వేసేస్తే బతికున్న అంచుల్ని కూడా చెరిపేసుకున్నట్టు, కాబట్టి అంచుకి ముందు a, b లెక్క చేసి, 0.3 కంటే తక్కువున్న చోటునే పూడ్చాలి. పూడ్చిన చోటు పది ఇరవై పిక్సెళ్లు దాటితే నున్నగా ప్లాస్టిక్ అతుకులా కనపడుతుంది, రంగు తప్పు కాదు అది, చుట్టూ ఉన్న గ్రెయిన్ అక్కడ లేకపోవడం. పక్కనున్న ఆకాశంలో గ్రెయిన్ ఎంతుందో కొలిచి అంతే నాయిస్ ఆ అతుకు మీద చల్లితే కన్ను దాన్ని దాటుకుని వెళ్లిపోతుంది, కాకపోతే ఇటుక గోడ మీద, ఆకుల మీద ఈ ఉపాయం పారదు, అక్కడ పక్కనుంచి ఒక ముక్క క్లోన్ చేసి తెచ్చి పెట్టుకోవాల్సిందే.